90 రూపాయల డబ్బా 110 ఎలా అయింది: ఒక ప్రాజెక్టు రిపోర్టులో ధర విభాగం కథ

బ్యాంకు నుంచి ఫైలు వెనక్కి వచ్చింది. లోన్ ఇవ్వం అని రాయలేదు. ధరల పేజీలో "రూ.90" అన్నచోట పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టి, పక్కన "ఏ ఆధారంతో?" అని మాత్రం రాశారు. ఆ రిపోర్టు నేను రాసింది కాదు. ఫైలు పట్టుకుని నా దగ్గరికి వచ్చినావిడది కనిగిరి దగ్గర ఒక ఊరు. బెంగళూరు మారతహళ్లిలో ఎనిమిదేళ్లుగా ఉంటోంది. మున్నేకొలాలలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని, ఔటర్ రింగ్ రోడ్డు వెంట ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్లకి మధ్యాహ్నం భోజనం డబ్బాలు పంపిస్తుంది. నెలకి డబ్బులు ముందే కట్టాలి, సోమవారం నుంచి శుక్రవారం దాకా డబ్బా వస్తుంది. తినేవాళ్లంతా ఆవిణ్ణి అక్కా అంటారు కాబట్టి ఇక్కడ నేనూ అలాగే రాస్తాను.

అక్కకి కావలసింది ముద్ర పథకంలో కిశోర్ అనే విభాగం కింద 3 లక్షల లోన్. పెద్ద పొయ్యి, గ్రైండర్, ఫ్రిజ్, ఒక పాత స్కూటర్ కోసం. రోజుకి 60 డబ్బాల వంటని 100 దాకా పెంచాలని ఆశ. పాత రిపోర్టులో ధర గురించి ఉన్నది రెండు వాక్యాలు: "మా ధర మార్కెట్‌లో పోటీకి తగినట్టుగా, అందరికీ అందుబాటులో ఉంటుంది. నాణ్యతలో రాజీ పడము." ఈ రెండు వాక్యాల్ని చెప్పుల షాపు రిపోర్టులో పెట్టినా సరిపోతాయి. పైగా అదే రిపోర్టు వెనక పేజీలో ఆదాయం 100 డబ్బాలు, 30 రోజులు, 90 రూపాయలు అని గుణించి నెలకి 2,70,000 చూపించారు. ఐటీ ఆఫీసులకి శని, ఆదివారాలు సెలవు. నెలకి పనిరోజులు 22. నిజంగా వస్తున్నది 60 మంది, 22 రోజులు, 90 రూపాయలు, అంటే 1,18,800. ఆఫీసరుకి అనుమానం వచ్చింది ఇక్కడే అనుకుంటాను. పెన్సిల్ పెట్టింది ధర మీద గానీ, ముల్లు గుచ్చుకున్నది ఈ గుణకారంలో.

మొదటి రోజు అక్కని ఒకటే అడిగాను. 90 ఎక్కణ్నుంచి వచ్చింది అని.

"పక్క వీధిలో ఆవిడ 80 కి ఇస్తది తమ్ముడా. నాది బాగుంటదని ఇంకో పది వేసుకున్నా. డబ్బాకి ఖర్చు 52. మిగతా 38 మిగులే గదా."

చెప్పింది రెండే ముక్కలు, కానీ మూడు పద్ధతులూ అందులోనే ఉన్నాయి. పక్కావిడ 80 అంటే పోటీదారుని బట్టి ధర. నాది బాగుంటది అంటే కొనేవాడికి దొరికే విలువను బట్టి ధర. 52 ఖర్చు, 38 మిగులు అంటే ఖర్చు మీద లాభం వేసుకునే పద్ధతి, అందరూ కాస్ట్ ప్లస్ అనేది. ఒక్కటీ అబద్ధం కాదు గానీ ఒక్కటీ కొలిచింది కాదు. మా పని ఈ మూడింటినీ కొలవడం.

ఖర్చుతో మొదలుపెట్టాం. ఆవిడ చెప్పిన 52 లో బియ్యం, పప్పు, కూర, పచ్చడి, పెరుగు, నూనె కలిపి 40. గ్యాస్ 5, ప్యాకింగ్ 7. ఇందులో లేనివి రెండు. డబ్బాలు పంచే అబ్బాయికి డబ్బాకి 10 ఇస్తోంది, దాన్ని ఇంటి ఖర్చు కింద రాసుకుంటోంది. ఇంకొకటి, తక్కువ పడకూడదని రోజూ నాలుగు డబ్బాల వంట ఎక్కువ చేస్తుంది. అది సాయంత్రం ఇంట్లోవాళ్లు తింటారు, లేదా పనమ్మాయి పట్టుకెళ్తుంది. ఆ నాలుగింటి ఖర్చు 60 మందికి పంచితే డబ్బాకి 3. అంటే డబ్బా పెరిగితే పెరిగే ఖర్చు, అదే మారే ఖర్చు, 52 కాదు, 65.

తర్వాత డబ్బాలు ఎన్నయినా మారని ఖర్చు. సహాయకురాలి జీతం 12,000. ఇంటి అద్దెలో వంటకి వాడే భాగం 8,000. కరెంటు, నీళ్ల ట్యాంకర్, ఫోన్ 2,000. ఇక్కడ ఆగి, నీ జీతం ఎంతక్కా అన్నాను. నవ్వింది. రేపు నీకు జ్వరం వస్తే ఆ వంట చేయడానికి ఎవరినైనా పెట్టుకుంటే ఎంత అడుగుతారు అని తిరగేసి అడిగితే, తడుముకోకుండా 18,000 అంది. అదే రాశాం. మొత్తం 40,000.

నెలకి 1,320 డబ్బాల మీద 40,000 పంచితే డబ్బాకి సుమారు 30. 65 కి 30 కలిపితే 95. అమ్ముతున్నది 90 కి. ప్రతి డబ్బా మీద 38 మిగులుతోందని నమ్మిన మనిషి నిజానికి 5 రూపాయలు తన కూలీలోంచి వదులుకుంటోంది. నెల తిరిగేసరికి ఆవిడ చేతికి మిగిలేది 18,000 కాదు, 11,000. ఈ అంకె చూపించినప్పుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అందుకేనేమో చీటీ డబ్బులు కట్టలేకపోతున్నా" అంది.

సరే, ఇక లాభం శాతం వేసేసి ధర రాసేద్దామా? ఇక్కడే కాస్ట్ ప్లస్ పద్ధతిలో చిక్కుంది. చాలా రిపోర్టులు దీన్ని దాటేసి వెళ్లిపోతాయి. లోన్ వచ్చాక ఇంకో సహాయకురాలు కావాలి, 12,000. లోన్‌తో కొన్న సామాను అరుగుదల, వడ్డీ కలిపి నెలకి సుమారు 6,500. మారని ఖర్చు 58,500 అవుతుంది. దీన్ని ఎన్ని డబ్బాల మీద పంచాలి? రోజుకి 100 అమ్మితే డబ్బా పూర్తి ఖర్చు 92. 80 అమ్మితే 98. 60 దగ్గరే ఆగిపోతే 109. వీటి మీద 15 శాతం వేస్తే ధర 105, 113, 126 అని మూడు రకాలుగా వస్తుంది. అంటే అమ్మకం తగ్గినకొద్దీ ధర పెంచమంటోంది లెక్క. జనం రావడం లేదని ధర పెంచిన మెస్సు ఎన్నాళ్లు నడుస్తుంది? ఖర్చు తెలియాలంటే అమ్మకం తెలియాలి, అమ్మకం తెలియాలంటే ధర తెలియాలి. ఈ గొలుసు ఖర్చు లెక్కతో తెగదు. అందుకని రిపోర్టులో ఖర్చుని నేలగానే వాడాను. 65 కన్నా కిందికి ఏ డబ్బా, ఏ ఆఫర్ పేరుతోనూ పోకూడదు. పూర్తి ఖర్చు ఏ సంఖ్య దగ్గర ఎంతో చూపించాను. ధర మాత్రం దీని నుంచి తీయలేదని రాశాను.

ఇంకో చిన్న విషయం. ఖర్చు మీద 15 శాతం వేస్తే అమ్మకం ధరలో లాభం 15 శాతం కాదు, 13. రెండింటినీ "మార్జిన్" అనే రాసే రిపోర్టులు చాలా చూశాను. చదివే ఆఫీసరు కాలిక్యులేటర్ తీస్తే అక్కడే పరువు పోతుంది.

పోటీదారుల సంగతికి మూడు రోజులు తిరిగాం. తిరగడం అంటే రేట్లు అడగడం కాదు, కొనడం. పక్క వీధి ఆవిడ డబ్బా కొన్నాం, ఒక ఆంధ్రా మెస్సులో తిన్నాం, టెక్ పార్కు ఫుడ్‌కోర్టులో భోజనం తెచ్చాం, యాప్‌లో ఒకటి ఆర్డర్ పెట్టాం. ఇంటికి తెచ్చి వంటింటి త్రాసు మీద తూచాం. అక్క కొడుకుకి ఇది మహా సరదా అయింది.

80 రూపాయల డబ్బాలో పెరుగు లేదు. డెలివరీ 10 విడిగా తీసుకుంటుంది. అక్క ఇచ్చే పెరుగుని ఖర్చు ధరకే 5 అని లెక్కేసినా, అదే సామాను అదే గుమ్మం దగ్గరికి వచ్చేసరికి 95 అవుతుంది. అంటే పక్కావిడ కన్నా పది ఎక్కువ తీసుకుంటున్నానని అనుకున్న అక్క నిజానికి 5 తక్కువ తీసుకుంటోంది. ఫుడ్‌కోర్టులో భోజనం 120. మెస్సులో 140, అదీ వెళ్లి కూర్చుని తినాలి. యాప్‌లో డెలివరీ, ప్యాకింగ్ అన్నీ కలిపి 190.

పోటీదారుని బట్టి ధర పెట్టుకునేవాళ్లు మరిచిపోయే సంగతి ఒకటుంది. పక్కవాడి బోర్డు మీద ధర కనిపిస్తుంది, ఖర్చు కనిపించదు. పక్కావిడకి సొంత ఇల్లు, అద్దె లేదు. ఆవిడ కూడా అక్కలాగే తన కూలీ లెక్కేసుకోకుండా ఉండొచ్చు. తెలియని మనిషి తప్పుని మన ధరగా రాసుకుంటే బ్యాంకుకి ఏం చెప్తాం? అందుకని ఈ అంకెల్ని కూడా ధర తేల్చడానికి వాడలేదు. డబ్బా రాని రోజు తినేవాడికి ఇంకేం దొరుకుతుందో, ఎంతకి దొరుకుతుందో తెలుసుకోవడానికి వాడాను. మూడో పద్ధతికి మెట్టు అదే.

విలువని కొలవడం అంటే "మీరు ఎంత ఇవ్వగలరు?" అని అడగడం కాదు. అలా అడిగితే మనవాళ్లు బేరం మొదలుపెడతారు. అక్క దగ్గర తినేవాళ్లలో 30 మందిని వేరేగా అడిగాం: పోయిన నెల డబ్బా రాని రోజు ఏం తిన్నారు, ఎంతయింది? జరిగింది చెప్పడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. 22 మంది ఫుడ్‌కోర్టు లేదా మెస్సు అన్నారు, అయింది 120 నుంచి 140. ఐదుగురు ఇంటి నుంచి తెచ్చుకున్నారు. ముగ్గురు యాప్. అంటే ఎక్కువమందికి డబ్బా లేకపోతే తగిలే ఖర్చు కనీసం 120.

కానీ ఈ 30 మందీ ఇప్పటికే అక్క దగ్గర తింటున్నవాళ్లు. వాళ్లని మాత్రమే అడిగితే తీపి మాటలే వస్తాయి. అందుకని ఏడాదిలో మానేసిన వాళ్లలో ఫోన్ దొరికిన 9 మందితోనూ మాట్లాడాం. ఐదుగురు కంపెనీ మారారు. ముగ్గురు వారం వారం అదే కూర వస్తోందని మానేశారు. ధర వల్ల మానేసింది ఒక్కడు, పీజీలో ఉండే కుర్రాడు. పీజీ అద్దెలోనే తిండి ఉంటుంది కాబట్టి అతనికి డబ్బా లేకపోతే తగిలే ఖర్చు సున్నా. రుచి కోసం ఎంత ఇస్తాడో అంతే. ఒకే డబ్బాకి ఇద్దరి దగ్గర విలువ ఎందుకు వేరో అక్కకి ఇక్కడ అర్థమైంది.

మరి 120 రాసేద్దామా అంటే కుదరదు. ఫుడ్‌కోర్టులో లేని ఇబ్బందులు డబ్బాలో ఉన్నాయి, వాటిని తీసెయ్యాలి. కూర మన ఇష్టం కాదు, డబ్బు ముందే కట్టాలి. వీటికి కలిపి 10 తీశాం. ఇది నా అంచనా. అంచనా అనే రిపోర్టులో రాశాను, కొలతలా చూపించలేదు. అప్పుడు పైకప్పు 110.

అసలైన సంగతి ఆ తర్వాత అక్క పుస్తకంలో దొరికింది. నెలకి 22 డబ్బాలకి డబ్బు కట్టినవాళ్లు సగటున 20 తింటున్నారు. ఒకరోజు సెలవు, ఒకరోజు టీం లంచ్. మిగిలిన రెండు డబ్బాలూ ఆఫీసు రిసెప్షన్‌లో చల్లారిపోతాయి. అంటే తినేవాడి మనసులో లెక్క వేరు. డబ్బాకి 110 అని రాస్తే, అతనికి తిన్న పూట 121 పడుతుంది. అది మేం వేసిన పైకప్పుని దాటిపోయింది. పాత నిబంధనల మీద నిజంగా పెట్టగలిగే ధర 100 మాత్రమే, అప్పుడే తిన్న పూటకి 110 పడుతుంది.

ధర మార్చేముందు నిబంధన మార్చాం. ముందురోజు రాత్రి 8 లోపు వాట్సాప్‌లో "రేపు వద్దు" అని పెడితే ఆ డబ్బా వచ్చే నెలకి జమ. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పాత నిబంధనతో 100 ధర: మనిషి 2,200 కడతాడు, అక్క 22 డబ్బాలు వండుతుంది, మారే ఖర్చు పోను 770 మిగులుతుంది. కొత్త నిబంధనతో 110 ధర: మనిషి తిన్న 20 కి అదే 2,200 కడతాడు, అక్క 20 వండుతుంది, 900 మిగులుతుంది. తినేవాడి జేబులోంచి ఒక్క రూపాయి ఎక్కువ పోలేదు. పెరిగిన 130, చల్లారిపోయే రెండు డబ్బాల ఖర్చు. ఈ పేరా రాస్తున్నప్పుడే ఇక ఈ ఫైలు వెనక్కి రాదనిపించింది.

"20 పెంచితే సగం మంది పోతారు తమ్ముడా" అని అక్క భయం. భయాన్నీ లెక్కలో పెట్టొచ్చు. ఇప్పుడు 90 ధర మీద డబ్బాకి మిగిలేది 25, నెలకి 33,000. 110 మీద మనిషికి నెలకి 900 మిగులుతుంది. 33,000 రావడానికి 37 మంది చాలు. 60 మందిలో 23 మంది మానేసినా ఇప్పుడున్న వంటింట్లో ఆవిడకి నష్టం లేదు, పని తగ్గుతుంది కూడా. లోన్ తీసుకున్నాక మాత్రం లెక్క మారుతుంది. 58,500 ని డబ్బాకి మిగిలే 45 తో భాగిస్తే 1,300 డబ్బాలు, అంటే 65 మంది ఉండాలి. అందుకే రెండో సహాయకురాలిని 65 మంది దాటాకే పెట్టుకుంటామని రాశాం.

రిపోర్టులోకి వెళ్లిన విభాగం ఒక పేజీకి మించలేదు. ముఖ్యమైన భాగం ఇలా ఉంది:

"డబ్బా ధర రూ.110. ఈ ధర తినేవారికి ఉన్న ప్రత్యామ్నాయం ఆధారంగా నిర్ణయించాం. అడిగిన 30 మందిలో 22 మందికి డబ్బా లేని రోజు అయిన ఖర్చు రూ.120 నుంచి 140 (వివరాలు అనుబంధం 2). ఎంపిక లేకపోవడం, ముందస్తు చెల్లింపు అనే ఇబ్బందులకు రూ.10 తగ్గించాం, ఇది మా అంచనా. ఖర్చు ఆధారంగా ధర పెట్టలేదు, ఎందుకంటే డబ్బా పూర్తి ఖర్చు అమ్మకాల సంఖ్యను బట్టి రూ.92 నుంచి 109 వరకు మారుతుంది. ఖర్చును కనీస హద్దుగా మాత్రమే తీసుకున్నాం (అనుబంధం 1). సమీపంలోని రూ.80 డబ్బా ధరను అనుసరించలేదు; పెరుగు, డెలివరీ కలిపితే దాని సమాన ధర రూ.95, నిర్వాహకురాలికి అద్దె లేదు (అనుబంధం 3, కొన్న బిల్లులతో). ఆదాయ అంచనాలో ఒక్కొక్కరికి నెలకు 22 కాక, తినే 20 డబ్బాలనే లెక్కించాం."

ఎంచుకున్న పద్ధతికి ఎన్ని వాక్యాలున్నాయో, వదిలేసిన రెండింటికీ దాదాపు అన్నే ఉన్నాయి. చదివే ఆఫీసరు మనసులో "పక్కన 80 కి దొరుకుతోందే" అన్న ప్రశ్న ఎలాగూ లేస్తుంది. దాన్ని మనమే ముందు రాసి జవాబు ఇవ్వాలి. చివరి వాక్యం ఈ పేజీని వెనక పేజీలోని ఆదాయం పట్టికతో కలిపి కుడుతుంది. పాత రిపోర్టు చిరిగింది సరిగ్గా ఆ కుట్టు దగ్గరే.

ధర ఎప్పుడు మారుస్తామో కూడా రెండు వాక్యాలు రాశాం. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు అక్క ధర పెంచలేదు. టమాటా పప్పు తీసేసి దోసకాయ, గోంగూర తిప్పింది. కాబట్టి కూరగాయల ధర ఎగిరితే మెనూ మారుతుంది, ధర కాదు. బియ్యం, గ్యాస్, డెలివరీ అన్నీ కలిపి మారే ఖర్చు 72 దాటి మూడు నెలలు అక్కడే ఉంటేనే కొత్త ధర, అదీ నెల ముందు చెప్పి.

ఆఫీసరు ఈసారి అడిగింది నేను రాయని సంగతి: జీఎస్టీ కలిపా, కలపకుండానా? నిజంగానే మరిచిపోయాను. భోజనం పెట్టడం సేవ కిందికి వస్తుంది కాబట్టి కర్ణాటకలో ఏడాదికి అమ్మకం 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. చిన్న వ్యాపారాలకి ఉన్న కాంపోజిషన్ పద్ధతిలో చేరితే మొత్తం అమ్మకం మీద 5 శాతం, దాన్ని తినేవాడి బిల్లులో విడిగా వేయడానికి లేదు. 110 లో 5.50 పోతే డబ్బాకి మిగిలేది 45 కాదు, 39.50. 110 ధర మీద 20 లక్షలంటే సగటున నెలకి 1,515 డబ్బాలు. అక్కడ ఆగితే ఆవిడ జీతం పోను నెలకి సుమారు 9,700 మిగులు. ఆ గీత దాటి రిజిస్ట్రేషన్ అయితే మిగులు ఒక్కసారిగా సుమారు 1,350 కి పడిపోతుంది. మళ్లీ ఆ 9,700 చూడాలంటే 1,726 డబ్బాలు పోవాలి. మనుషుల్లో చెప్పాలంటే 76 మంది దగ్గర గట్టు, 87 దగ్గర మళ్లీ నేల. మధ్యలో పదకొండు మందికి వండే పని ఎక్కువ, డబ్బు తక్కువ. ఇదంతా ఒక పేరాగా రాసి మళ్లీ ఇచ్చాను. రెండు వారాల్లో లోన్ మంజూరైంది.

పాతవాళ్లకి మూడు నెలలు 100, కొత్తవాళ్లకి మొదటి రోజు నుంచే 110. మొదటి రెండు నెలల్లో 14 మంది మానేశారు, ఎక్కువమంది పీజీ కుర్రాళ్లే. ఇద్దరు తర్వాత తిరిగొచ్చి, అక్కా వారానికి మూడు రోజులు ఇస్తావా అని అడిగారు. కుదరదంది. నాకైతే ఇవ్వొచ్చనిపించింది గానీ, పొద్దున ఐదింటికి లేచి బియ్యం కొలిచేది ఆవిడ.

ఆరు నెలలైంది. ఇప్పుడు అందరికీ 110. ఖాతాలో 74 మంది ఉన్నారు, రోజుకి సగటున 67 డబ్బాలు వెళ్తున్నాయి. కుందలహళ్లి గేటు దగ్గర ఒక ఆఫీసు నుంచి ఒకేసారి పదిహేను మంది కావాలన్నారట. 75 దగ్గర గీత గీసుకుని వాళ్లని వద్దనాలా, ఒక్క దూకుతో 89 కి పోవాలా అని అక్క అడుగుతోంది. ఈ ఆదివారం పుస్తకం పట్టుకుని రమ్మన్నాను.